ఐదు మి.లీ.లే కదా అనుకుంటే...

ఫోన్ మారింది, పాపాయి మందుచీటీ ఫోటో పోయింది. "ఐదు మి.లీ. అన్నట్టు గుర్తు" అంటూ నోయిడాలో కొత్త పారాసిటమాల్ సీసా కొంటాం. ఈ సిరప్ 5 మి.లీ.లో 125 మి.గ్రా. ఉన్నదీ దొరుకుతుంది, 250 ఉన్నదీ దొరుకుతుంది. చుక్కలమందైతే 1 మి.లీ.లోనే 100, అది 5 మి.లీ. పోస్తే 500!

పాత బిల్లుతో ఫార్మసిస్టు మందు పేరు చెప్పగలడు. మోతాదు బిడ్డ బరువును బట్టి ఉంటుంది కాబట్టి డాక్టరునే అడగాలి: ఇప్పటి బరువుకు ఈ సీసాలోంచి ఎన్ని మి.లీ.? ఎన్ని గంటల తేడాతో? రోజుకు ఎన్నిసార్లు మించకూడదు? జలుబు సిరప్ పోస్తుంటే అదీ చెప్పండి, అందులోనూ పారాసిటమాల్ ఉండొచ్చు.

ఎక్కువైతే దెబ్బ కాలేయానికి. మొదటిరోజు బిడ్డ మామూలుగానే ఆడుకోవచ్చు. లక్షణాల కోసం ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఢిల్లీ ఎయిమ్స్ విషసమాచార కేంద్రం 1800 116 117లో రాత్రీపగలూ పలుకుతుంది.