పండగ దగ్గరపడింది, లీవ్ మాత్రం పెండింగే

సంక్రాంతికి ఊరెళ్లే రైలు టికెట్ దొరకడం ఎంత కష్టమో హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే గోదావరి జిల్లాలవాళ్లను అడగాలి. రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుచుకుంటుంది కాబట్టి జనవరి ప్రయాణానికి నవంబర్‌లోనే బుక్ చేసుకుంటారు. తీరా డిసెంబర్ చివర్లో ఆఫీసు పోర్టల్ తెరిస్తే లీవ్ ఇంకా Pending అనే ఉంటుంది.

చాలామంది ఇక్కడే తడబడతారు. గుర్తుచేస్తే సారుకి కోపం వస్తుందేమోనని కొందరు ఊరుకుంటారు. అడిగినవాళ్లలో ఎక్కువమంది పంపేది ఒక్క ముక్క: ‘సర్, నా లీవ్ ఏమైంది?’ దానికి జవాబివ్వాలంటే ఆ మేనేజర్ ఏ లీవో, ఎన్ని రోజులో, పని ఎవరు చూస్తారో వెతుక్కోవాలి. తర్వాత చూద్దామని పక్కన పెట్టేస్తారు.

ఇంకో ఉద్యోగి ఉన్నాడనుకుందాం. జనవరి 9 రాత్రి గౌతమీ ఎక్స్‌ప్రెస్‌కి టికెట్ ఉంది. డిసెంబర్ 8న పెట్టిన లీవ్‌కి ఉలుకూ పలుకూ లేదు. అతను ముందు పోర్టల్‌లో ఆ అర్జీ ఎవరి దగ్గర ఆగిందో చూస్తాడు. టీమ్ మారినా అర్జీ పాత మేనేజర్ పేరు మీదికే వెళ్లడం మామూలే. అదంతా సరిగ్గానే ఉంటే డిసెంబర్ 29న ఇలా రాస్తాడు:

‘సర్, జనవరి 12 నుంచి 16 దాకా లీవ్ కోసం డిసెంబర్ 8న పోర్టల్‌లో పెట్టాను. పండగ సెలవు పోను నాలుగు పనిదినాలు. నెలవారీ రిపోర్ట్ 9వ తేదీకే ఇచ్చేస్తాను. ఆ వారం క్లయింట్ కాల్స్ చూడ్డానికి మా టీమ్‌లో ఒకరు ఒప్పుకున్నారు. రైలు టికెట్ ఉంచాలో, రద్దు చేయాలో తేల్చుకోవాలి కనుక జనవరి 5లోగా చెప్పగలరా? అన్ని రోజులూ కుదరకపోతే ఏ రోజులు వీలవుతాయో చెప్పినా చాలు.’

ఈ మెసేజ్‌కి ఒక్క మాటలో జవాబివ్వొచ్చు. గడువు కూడా పెత్తనంలా కాక, కారణంతో వచ్చింది. 5వ తేదీ ఊరికే వేసింది కాదు. రైలు సమయం దగ్గరపడేకొద్దీ రద్దు చార్జీ పెరుగుతుంది కాబట్టి గడువును ప్రయాణం రోజు నుంచి కాక, టికెట్ రద్దు చేసుకోవాల్సిన రోజు నుంచి వెనక్కి లెక్కేసుకోవాలి.

‘టికెట్ కొనేశాను, వెళ్తున్నాను’ అని రాయడం మాత్రం పొరపాటు. లీవ్ హక్కుగా అడగడానికి లేదని కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల 1972 నాటి సెలవు నిబంధనలే చెబుతాయి. ప్రైవేటు కంపెనీల్లోనూ, పాలసీలో వేరేగా రాసి ఉంటే తప్ప, జవాబు రాకపోవడం అంగీకారం కాదు.

5వ తేదీకీ ఉలుకు లేకపోతే ఫోన్ చేయాలి. సారే సెలవులో ఉంటే, బదులు ఎవరు మంజూరు చేయాలో హెచ్‌ఆర్‌ని అడగాలి. ఫోన్‌లో ‘సరే వెళ్లు’ అన్నా, ‘మీరు ఇప్పుడు ఒప్పుకున్నట్టుగా పోర్టల్‌లోనూ అప్రూవ్ చేయండి’ అని వెంటనే ఒక మెసేజ్ పెట్టాలి. జీతం లెక్కకట్టేవాళ్లు చూసేది పోర్టల్‌నే.