డబ్బా మీది 68, ట్యాంకులోని 80 డిగ్రీలు

హైడ్రాలిక్ ఆయిల్ డబ్బా మీద 32, 46, 68 అని ఉండే అంకె ఆ నూనె చిక్కదనం. అంకె పెరిగేకొద్దీ నూనె చిక్కన. అయితే అది నూనె 40 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉన్నప్పటి కొలత. కొత్తగూడెం, రామగుండం వైపు మే నెలలో గాలే 44 డిగ్రీలు దాటుతుంది. అక్కడ మట్టి తవ్వే జేసీబీ ట్యాంకులో నూనె 40 దగ్గర ఉండేది పొద్దున్నే, బండి స్టార్ట్ చేసిన కాసేపే.

తవ్వకం సాగుతున్నకొద్దీ వాల్వుల గుండా, పైపుల గుండా ఒత్తిడితో పరుగెత్తే నూనె వేడెక్కుతుంది. బరువైన పనిలో అది బయటి గాలి కంటే 30 నుంచి 40 డిగ్రీలు ఎక్కువ ఉండటం మామూలే. అంటే ఆ మధ్యాహ్నం ట్యాంకులో నూనె 80 డిగ్రీలకు చేరుతుంది. అందుకే గ్రేడు ఎంచుకునేటప్పుడు ఊరి వాతావరణాన్ని మాత్రమే కాక నూనె వేడినీ చూడాలి.

మామూలు రకం 46 నూనె 80 డిగ్రీల దగ్గర పలచబడి దాదాపు 11కి పడిపోతుంది. 68 అయితే 15కు కాస్త తక్కువగా నిలుస్తుంది. చాలా పంపులకు పనిలో 16 నుంచి 36 మధ్య చిక్కదనం హాయి. 10 కంటే దిగితే లోహానికీ లోహానికీ మధ్య ఉండాల్సిన నూనె పొర తెగిపోయే ప్రమాదం ఉంది. పలచబడ్డ నూనె పంపు లోపలి సందుల్లోంచి, వాల్వు స్పూల్ పక్కలనుంచి వెనక్కి జారిపోతుంది. పొద్దున చురుగ్గా లేచిన బకెట్ మధ్యాహ్నం నీరసంగా లేస్తుంది. ఎత్తి ఆపిన బూమ్ మెల్లగా కిందికి దిగుతుంది. అలా జారిన నూనె పని చేయకుండానే వేడిని పుట్టిస్తుంది, ఆ వేడికి నూనె ఇంకా పలచబడుతుంది.

ఇక్కడ చాలామంది చేసేది 46 తీసేసి 68 పోయించడం. తయారీదారు పుస్తకంలో ఆ వేడికి 68 రాసి ఉంటే అది సరైన పనే. కానీ ముందు ఆయిల్ కూలర్ చూడాలంటాను. బొగ్గు దుమ్ము, మట్టి పట్టిన కూలర్ రెక్కల్లోంచి గాలి ఆడదు. వాటిని లోపలి వైపునుంచి బయటికి గాలి కొట్టి శుభ్రం చేశాక నూనె వేడి 80 నుంచి 70కి దిగిందనుకోండి. 70 దగ్గర 46 నూనె చిక్కదనం కూడా 15కు దగ్గరగానే ఉంటుంది, అంటే 80 దగ్గర 68 నూనె ఇచ్చేదంత. 10 డిగ్రీలు తగ్గించడం ఒక గ్రేడు పెంచినంత పని చేస్తుందన్నమాట. పైగా వేడి తగ్గితే సీళ్లు గట్టిపడవు, నూనె త్వరగా పాడవదు. 82 డిగ్రీలు దాటి రోజూ నడిపితే ఏ గ్రేడు పోసినా రెండూ దెబ్బతింటాయి.

వేడి ఎంతో తెలుసుకోవడం కష్టం కాదు. గంటసేపు గట్టిగా పని చేయించి, మధ్యాహ్నం మూడు గంటల వేళ ట్యాంకు గోడ మీద, నూనె మట్టానికి కింద, దూరం నుంచి వేడి చూసే థర్మామీటర్ పెట్టండి. ఎండ తగిలే వైపు కాకుండా నీడ వైపు చూడాలి.

చలి వైపు లెక్క తిరగబడుతుంది. లంబసింగి లాంటి చోట శీతాకాలం తెల్లవారుజామున 5 డిగ్రీల దగ్గర 68 నూనె చిక్కదనం 600 దాటుతుంది. ట్యాంకులోంచి పంపుకు చాలినంత నూనె అందక, ఖాళీ ఏర్పడి, పంపు కీచుమంటుంది. ఆ మోత వినిపిస్తుంటే యాక్సిలరేటర్ పెంచకూడదు. ఐడిల్‌లో కొంతసేపు నడిపి, బరువు లేకుండా బూమ్ మెల్లగా ఆడించాలి. పొద్దున చలి, మధ్యాహ్నం ఎండ రెండూ ఉన్న చోట చిక్కదనం వేడికి తక్కువగా మారే రకం నూనె మేలు. దానికి డబ్బా మీద HV అనో HVLP అనో ఉంటుంది. మామూలు రకానికి HM లేదా HLP అని రాస్తారు.

టిప్పర్ సంగతి వేరు. తొట్టి ఎత్తడానికి నిమిషం లోపే పంపు నడుస్తుంది, ఆ తర్వాత లోడు తెచ్చేదాకా నూనె చల్లారుతుంది. ఎండాకాలంలో కూడా అది తవ్వే బండి నూనెలా వేడెక్కదు. పైగా తొట్టి దిగడం దాని బరువు మీదే. చలి పొద్దున నూనె మరీ చిక్కగా ఉంటే జాకీ లోంచి తిరిగి వెళ్లడానికి ఆలస్యమై తొట్టి బరువుగా దిగుతుంది. కాబట్టి జేసీబీకి తెచ్చిన 68 డ్రమ్మునే టిప్పర్‌కూ పోయడం అలవాటుగా చేయకండి, టిప్పర్ పుస్తకం 46 అంటే 46 చాలు.

తక్కువపడ్డ నూనెను వేరే గ్రేడుతో నింపినా అలాంటి చిక్కే. 46, 68 సగం సగం కలిస్తే 56 చుట్టుపక్కల ఉండే నూనె తయారవుతుంది, వేర్వేరు కంపెనీలవైతే రసాయనాలు పడకపోనూ వచ్చు. ట్యాంకు మూత పక్కన ఇప్పుడున్న గ్రేడు, పేరు, మార్చిన తేదీ పెయింటుతో రాసి ఉంచితే డ్రైవర్ మారినా తికమక ఉండదు.