రూపాయలు కలుస్తాయి, శాతాలు కలవవు

ఒక బేకరీ యజమాని బ్యాంకుకు అప్పు కోసం వెళ్లాడనుకుందాం. రెండు లక్షలు పెడితే ఏడాది తిరిగేసరికి 2,58,500 చేతికొస్తాయని లెక్క చూపించాడు. రాబడి 29.25 శాతం, వడ్డీ 10 శాతమే. ఎవరికైనా ముచ్చటేస్తుంది.

లోపల ఉన్నవి నిజానికి రెండు పనులు. లక్ష పెట్టి కొనే ఓవెన్ ఏడాదికి 1,54,000 తెస్తుంది. మరో లక్షతో పెట్టే ఐస్‌క్రీం కౌంటర్ 1,04,500 మాత్రమే తెస్తుంది. అంతర్గత రాబడి రేటు, అంటే ఐఆర్‌ఆర్‌, మొదటిదానికి 54 శాతం, రెండోదానికి 4.5. పది శాతానికి తెచ్చి నాలుగున్నర శాతానికి తిప్పడం నష్టమేగా? జత కట్టేసరికి ఆ నష్టం కనబడకుండా పోయింది.

ఇదే లెక్క నికర వర్తమాన విలువలో, అంటే ఎన్‌పీవీలో చూద్దాం. ఏడాది తర్వాత వచ్చే సొమ్మును 1.10తో భాగిస్తే దాని నేటి విలువ తెలుస్తుంది. ఓవెన్ సొమ్ము నేటి విలువ 1,40,000. పెట్టుబడి పోను మిగులు 40,000. కౌంటర్‌ది 95,000, అంటే 5,000 నష్టం. రెండూ కలిపితే 35,000. ఓవెన్ ఒక్కటే కొంటే 40,000 మిగిలేది. కౌంటర్ ఎంత మింగిందో తేలిపోయింది. భాగించే 1.10 బయటి నుంచి వచ్చింది, అన్ని పనులకూ అదే. అన్నీ ఈరోజు రూపాయలే కాబట్టి నిశ్చింతగా కూడుకోవచ్చు.

శాతాలకు కనీసం సగటైనా తీయకూడదా అంటారు కొందరు. పై ఉదాహరణలో అది కుదిరింది కూడా, రెండూ ఏడాదిలో ముగిసే పనులు కనక. కౌంటర్ బదులు హాస్టల్‌కు బ్రెడ్ సరఫరా చేసే ఒప్పందం తీసుకుందాం. ఇప్పుడు లక్ష పెడితే రెండేళ్ల తర్వాత ఒకేసారి 1,45,200 వస్తుంది. దీని ఐఆర్‌ఆర్‌ సుమారు 20.5 శాతం. ఓవెన్‌తో సగటు తీస్తే 37 దాటుతుంది. అసలు జవాబు మాత్రం సరిగ్గా 32.

ఓవెన్ డబ్బు మొదటి ఏడాదికే ఇంటికొచ్చేసింది. రెండో ఏడు పనిచేసింది హాస్టల్ డబ్బు ఒక్కటే. ఐఆర్‌ఆర్‌ అంటే ఎన్‌పీవీని సున్నా చేసే రేటు; ప్రతి పనీ తన రేటును తానే తేల్చుకుంటుంది. 32 శాతం దగ్గర ఓవెన్‌కు 16,667 మిగులు, హాస్టల్‌కు అంతే తరుగు. రెండూ చెల్లుకు చెల్లు. అంటే ఆ 32 రెండింటిలో ఏ ఒక్కదానిదీ కాదు. ఎన్‌పీవీలకు ఈ చిక్కులేమీ లేవు: 40,000కు హాస్టల్ 20,000 చేరిస్తే 60,000.

అయితే ఈ కూడిక ఒక పని రాబడిని మరొకటి కదిలించనంత వరకే. ఐస్‌క్రీం వచ్చాక కేకుల అమ్మకం తగ్గితే, ఆ తగ్గిన సొమ్మును కూడా కౌంటర్ ఖాతాలోనే రాయాలి. అప్పుడు నష్టం 5,000తో ఆగదు.