సంతకం కుదరని యాప్

గాండ్లపెంట వంటి మండలాల్లో ఫోన్‌లోకి యాప్ రావడానికి రెండు దారులున్నాయి. ఒకటి ప్లే స్టోర్. రెండోది వాట్సాప్ గ్రూపులో పడే లింకు, లేదా నేరుగా ఏపీకే ఫైలు. 2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయాలు మొదలయ్యాక సర్వేలు, పింఛన్లు, నమోదులు చాలామటుకు ఫోన్ మీదికే చేరాయి. వాటికి వాడే యాప్‌ల కొత్త వెర్షన్లు ఎన్నోసార్లు ఈ రెండో దారినే వస్తుంటాయి. ఫైలు మీద నొక్కితే ఒక్కోసారి యాప్ ఎక్కదు. ప్యాకేజీని చదవడంలో ఇబ్బంది వచ్చిందనో, జాగా చాలదనో, ఉన్న ప్యాకేజీతో పొసగదనో తెర మీద ఒక ముక్క కనిపిస్తుంది. అన్నిటికీ గ్రూపులో వచ్చే సలహా మాత్రం ఒకటే: పాతది తీసేసి మళ్లీ వేసుకోండి. మొదటి రెండు సందర్భాల్లో ఆ సలహాతో ఉపయోగం అంతంతమాత్రమే. మూడో సందర్భంలో అది ప్రమాదం. అక్కడ ఫోన్ చెబుతున్నది ఒక సాక్ష్యం. దాన్ని విచారించకుండా చెరిపేయకూడదు.

ఆండ్రాయిడ్ మొదటి ఫోన్ హెచ్‌టీసీ డ్రీమ్ 2008లో వచ్చింది. అప్పటి నుంచీ యాప్‌ను మోసుకొచ్చే ఏపీకే ఫైలు లోపల ఉన్నది మామూలు జిప్ ఫైలే. 1989లో ఫిల్ కాట్జ్ తయారుచేసిన పద్ధతి అది. ఏ ఏపీకేనైనా తెరిచి చూస్తే మొదటి రెండు అక్షరాలు ఆయన పేరులోని PK. జిప్‌లో ఒక విశేషం ఉంది. ఏ ఫైలు ఎక్కడుందో చెప్పే విషయసూచిక చివరన ఉంటుంది, మొదట కాదు. అందుకే 60 ఎంబీ ఫైలులో 58 ఎంబీ దిగాక సిగ్నల్ పోతే మిగిలేది ముప్పాతిక యాప్ కూడా కాదు, అసలు చదవడానికే వీల్లేని ముద్ద. `There was a problem parsing the package` అనే వాక్యానికి తరచుగా కారణం ఇదే. పంపినవారి దగ్గర ఫైలు ఎన్ని ఎంబీలుందో, మన దగ్గర ఎన్ని ఉందో పోల్చితే చాలు, తేలిపోతుంది. మన ఫైలు కొన్ని కేబీలే ఉంటే అది యాప్ కానే కాదు. లింకు గడువు తీరిపోయి వచ్చిన వెబ్ పేజీ ఏపీకే పేరుతో సేవ్ అయిందన్నమాట. పరిమాణం సరిగ్గా ఉండి కూడా అదే మాట వస్తే ఫోన్ పాతదేమో చూడాలి. యాప్ తనకు కనీసం ఏ ఆండ్రాయిడ్ వెర్షన్ కావాలో లోపల రాసుకుని ఉంటుంది. ఫోన్ అంతకంటే పాతదైతే, పాత ఇన్‌స్టాలర్లు ఆ సంగతి విడమరచి చెప్పకుండా ఇదే వాక్యంతో సరిపెడతాయి. ఏ కారణమైనా, పాత యాప్‌ను తీసేయడం వల్ల ఇక్కడ ఒరిగేదేమీ లేదు.

జాగా గురించి ఫోన్ చెప్పేది చాలామందికి అబద్ధంలా తోస్తుంది. 450 ఎంబీ ఖాళీగా కనిపిస్తుంటే 60 ఎంబీ యాప్ ఎందుకు పట్టదు? ఆండ్రాయిడ్ తన సొంత పనులకు కొంత జాగాను ముట్టుకోనివ్వదు. తయారీదారు మార్చకపోతే అది డేటా భాగంలో 5 శాతం, లేదా 500 ఎంబీ, ఈ రెండిట్లో ఏది తక్కువైతే అది. 16 జీబీ ఫోన్‌లో సిస్టమ్ పోను డేటాకు 10 జీబీ మిగిలిందనుకుంటే ఆ గీత 500 ఎంబీ దగ్గర పడుతుంది. 450 ఎంబీ అంటే గీతకు కిందే ఉన్నాం; యాప్‌లు వదిలిన క్యాష్‌ను తుడిచి ఫోన్ ఎంత సంపాదించగలిగితే అంతే దక్కుతుంది. పైగా వచ్చిన ఏపీకే డౌన్‌లోడ్స్‌లో అలాగే ఉంటుంది, దాని నకలు ఒకటి ఇన్‌స్టాలర్ తన దగ్గరికి తెచ్చుకుంటుంది, ఎక్కించేవరకూ పాత వెర్షన్ కూడా ఉండాల్సిందే. గ్రూపుల్లో పేరుకున్న వీడియోలు తీసేస్తే ఈ చిక్కు తీరుతుంది. దీని గురించి ఇంతకు మించి చెప్పడానికి లేదు.

అసలు కథ మూడోది. ప్రతి ఏపీకే మీదా దాన్ని తయారుచేసినవారి డిజిటల్ సంతకం ఉంటుంది. సంతకం పెట్టే రహస్య తాళం తయారీదారు దగ్గరే ఉంటుంది. దానికి జోడీ అయిన సర్టిఫికెట్ ఏపీకేతో వస్తుంది. ఆ సర్టిఫికెట్‌ను ఏ ప్రభుత్వమూ, ఏ సంస్థా ధ్రువీకరించనక్కర్లేదు. ఎవరైనా కంప్యూటర్ ముందు కూర్చుని నిమిషంలో సొంతంగా తయారుచేసుకోవచ్చు. మరి అలాంటి సంతకానికి విలువేమిటని అడగడం న్యాయమే. జవాబు పింఛను ఇచ్చేచోట కనిపిస్తుంది. అక్కడ వేలిముద్ర యంత్రం వచ్చిన మనిషి మంచిదా చెడ్డదా అని చూడదు, మునుపు నమోదైన వేలే ఇదా అని మాత్రం చూస్తుంది. ఇన్‌స్టాలర్ చేసేదీ అంతే. మొదటిసారి ఏ సంతకంతో యాప్ ఎక్కిందో గుర్తుపెట్టుకుంటుంది. అదే ప్యాకేజీ పేరుతో తర్వాత వచ్చిన దానిమీద అదే సంతకం ఉంటేనే లోపలికి రానిస్తుంది.

ఈ పట్టుదల ఎందుకంటే, ఆండ్రాయిడ్‌లో ప్రతి యాప్‌కూ విడిగా ఒక గది ఉంటుంది. లాగిన్ గుర్తులు, డేటాబేసు, ఇంకా సర్వరుకు చేరని రికార్డులు అన్నీ అందులోనే. కొత్త వెర్షన్ ఎక్కితే ఆ గది యథాతథంగా దాని చేతికి వస్తుంది. సంతకం చూడకుండా ఇచ్చేస్తే, బ్యాంకు యాప్ పేరే పెట్టుకుని వచ్చిన దొంగ యాప్‌కు కూడా ఆ గది దక్కుతుంది. ఇది ఊహ కాదనడానికి 2013 సాక్షి. ఆ ఏడాది జులైలో బ్లూబాక్స్ సంస్థకు చెందిన జెఫ్ ఫారిస్టల్ ఒక లోపాన్ని బయటపెట్టాడు; దానికి మాస్టర్ కీ అన్న పేరు స్థిరపడింది. జిప్‌లో ఒకే పేరుతో రెండు ఫైళ్లు పెట్టడానికి వీలుంది. అప్పటి ఆండ్రాయిడ్‌లో సంతకం తనిఖీ చేసే భాగం ఒక ఫైలును చూస్తే, యాప్‌ను ఎక్కించి నడిపే భాగం రెండోదాన్ని చదివేది. అంటే నిజమైన సంతకాన్ని చెడగొట్టకుండానే లోపల వేరే కోడ్ దూర్చవచ్చు. ఆండ్రాయిడ్ 1.6 నుంచీ ఉన్న లోపమది. దాన్ని సరిచేశారు. 2016లో ఆండ్రాయిడ్ 7తో సంతకం తీరే మారింది. లోపలి ఫైళ్లకు విడివిడిగా కాక మొత్తం ఏపీకేకు కలిపి సంతకం పెట్టడం మొదలైంది. నాకు ఇందులో ముఖ్యంగా తోచేది ఒకటి: ఈ యంత్రం మొరాయింపు ఏళ్ల తరబడి తగిలిన దెబ్బలతో గట్టిపడింది.

ఇప్పుడు ఒక సందర్భాన్ని వివరంగా చూద్దాం. గాండ్లపెంట మండలంలో ఒక ఉద్యోగి ఫోన్‌లో పంట నమోదు యాప్ ఉందనుకుందాం. వేరుశనగ చేలల్లో సిగ్నల్ లేక, రోజంతా తీసుకున్న వివరాలు, ఫొటోలు ఫోన్‌లోనే ఉన్నాయి, ఇంకా అప్‌లోడ్ కాలేదు. సాయంత్రం గ్రూపులో కొత్త ఏపీకే వచ్చింది. నొక్కితే `App not installed as package conflicts with an existing package` అంది. పాతది తీసేస్తే కొత్తది ఇట్టే ఎక్కుతుంది, నిజమే. అయితే తీసేసిన క్షణమే ఆ గది ఖాళీ. రోజంతా చేసిన పని అందులోనే పోతుంది, దాన్ని వెనక్కి తెచ్చే దారి మామూలు వాడుకరికి లేదు. రెండో నష్టం ఇంకా లోతైనది. ఫోన్ గుర్తుపెట్టుకున్న పాత సంతకం కూడా ఆ యాప్‌తోపాటే చెరిగిపోతుంది. ఇప్పుడు వచ్చిన ఫైలు ఎవరిదైనా సరే, ఫోన్ దాన్నే అసలుదిగా నమోదు చేసుకుంటుంది.

కాబట్టి చేయాల్సిన మొదటి పని పాత యాప్‌ను తెరిచి, సిగ్నల్ ఉన్నచోట రికార్డులన్నీ పంపేయడం. రెండోది సంతకాలను పోల్చడం. కంప్యూటర్లో ఆండ్రాయిడ్ బిల్డ్ టూల్స్ ఉన్న సాంకేతిక సిబ్బంది మునుపటి ఏపీకే మీదా కొత్తదాని మీదా ఈ కమాండ్ నడిపితే చాలు:

```
apksigner verify --print-certs panta.apk
```

`Signer #1 certificate SHA-256 digest` అన్న వరుసలో వచ్చే పొడవాటి సంఖ్య రెండిటిలోనూ ఒకటే అయితే సంతకం మారలేదు, చిక్కు వేరెక్కడో ఉంది. వేరైతే ఎందుకు మారిందో పంపినవారిని అడగాలి, గ్రూపులో కాదు, తెలిసిన నంబరుకు ఫోన్ చేసి.

ఇలా అడిగితే చాలాసార్లు నిజాయితీ గల కారణమే బయటపడుతుందని ఎవరైనా అభ్యంతరం చెప్పవచ్చు. అది సరైన మాటే. ప్లే స్టోర్‌లో పెట్టిన యాప్‌కు ఈ రోజుల్లో చివరి సంతకం సాధారణంగా గూగుల్ దగ్గరున్న తాళంతో పడుతుంది. 2021 ఆగస్టు నుంచి కొత్త యాప్‌లకు ఆ ఏర్పాటు తప్పనిసరి. అదే యాప్‌ను తయారీదారు తన తాళంతో సంతకం చేసి గ్రూపులో పెడితే రెండూ ఒకే యాప్ అయినా సంతకాలు కలవవు. ప్లే స్టోర్ నుంచి వచ్చినదాని మీద గ్రూపు ఏపీకే ఎక్కదు. పరీక్షల కోసం వాడే తాత్కాలిక తాళంతోనే పొరపాటున బయటికి పంపేయడం ఇంకో కారణం. కాంట్రాక్టు చేతులు మారినప్పుడు పాత సంస్థ కోడ్ ఇచ్చి తాళం ఇవ్వకపోవడం మరొకటి. అయితే ఉద్యోగి తెర మీద మోసానికీ ఈ పొరపాట్లకూ వచ్చే వాక్యం ఒక్కటే. కారణం సాధారణంగా అమాయకమైనదే కదా అని ప్రతిసారీ దాటిపోవడం అలవాటైతే, అమాయకం కానిది వచ్చిన రోజు కూడా చేయి అలాగే ముందుకు వెళుతుంది. తెలుగు రాష్ట్రాల్లో ట్రాఫిక్ చలానా, పీఎం కిసాన్, పెళ్లి పత్రిక పేర్లతో వాట్సాప్‌లో ఏపీకేలు తిరిగాయి, డబ్బు పోగొట్టుకున్నవారున్నారు.

ఆ మోసాల్లో ఎక్కువ భాగాన్ని సంతకం ఆపలేదన్నది ఇంకా గట్టి అభ్యంతరం. కొత్త ప్యాకేజీ పేరుతో వచ్చిన చలానా యాప్‌కు పోల్చడానికి పాత సంతకమే ఉండదు. ఒప్పుకోవలసిందే, ఈ కాపలా మునుపే ఉన్న యాప్‌ల గదులకు మాత్రమే. కొత్తగా వచ్చేవారు ఎవరన్న ప్రశ్నకు వేరే ఏర్పాటు కావాలి. సర్టిఫైడ్ ఆండ్రాయిడ్ ఫోన్లలో ధ్రువీకరించిన తయారీదారుల యాప్‌లే ఎక్కేలా 2026 సెప్టెంబరులో బ్రెజిల్, ఇండోనేసియా, సింగపూర్, థాయిలాండ్‌లలో మొదలుపెడతామని గూగుల్ 2025 ఆగస్టులో ప్రకటించింది. ఆ మొదటి జాబితాలో మన దేశం లేదు. ఒక కాపలా అన్నిటినీ ఆపదు కనుక ఆపగలిగిన చోట కూడా దాన్ని పక్కన పెడదామనడం మాత్రం కుదరదు.

తాళం నిజంగానే మార్చాల్సి వస్తే దారి ఉంది, అది ఉద్యోగి చేతిలో లేదు, యాప్ పంపే కార్యాలయం చేతిలో ఉంది. 2018లో ఆండ్రాయిడ్ 9తో వచ్చిన మూడో తరం సంతకంలో, పాత తాళమే కొత్త తాళానికి సంతకం పెట్టి తన వారసుడిగా చూపిస్తుంది. ఆ వరుసను చదివిన ఫోన్ కొత్త సంతకాన్ని ఒప్పుకుని గదిని అలాగే అప్పగిస్తుంది. అంతకంటే పాత ఫోన్లకు పాత తాళంతో కూడా సంతకం ఉండాలి. అంటే కాంట్రాక్టు మారేటప్పుడు కోడ్‌తో పాటు తాళం, దాని పాస్‌వర్డ్ కూడా అప్పగించాలన్న షరతు ముందే రాసుకోవాలి. తాళం పోయిందంటే పాత యాప్ మీద కొత్తది ఎప్పటికీ ఎక్కదు. అప్పుడు చేయదగ్గది ప్యాకేజీ పేరు మార్చి విడుదల చేయడం. రెండు యాప్‌లూ ఫోన్‌లో పక్కపక్కన ఉంటాయి. పాతదాంట్లో మిగిలిన రికార్డులు పంపేసి, సర్వరులో కనిపించాయని చూసుకున్నాకే దాన్ని తీసేయమని ఉత్తర్వులో రాయాలి.