బిల్లు తెరుచుకోవడం లేదండీ

తెనాలిలో ఒక చిన్న ఎలక్ట్రికల్ షాపు ఉందనుకుందాం. విజయవాడ హోల్‌సేల్ వ్యాపారి దగ్గర నుంచి వైర్లు, స్విచ్చులు దిగాయి. బిల్లు మాత్రం మెయిల్‌లో వచ్చింది. నొక్కితే, ఫైలు పాడైందని తెర మీద ఒక ముక్క కనిపించి ఊరుకుంది. అప్పుడు చాలామంది రాసేది ఒకటే: ‘బిల్లు ఓపెన్ కావట్లేదు, మళ్లీ పంపండి.’ అవతల గుమస్తా తను ఇంతకుముందు పంపిన మెయిల్‌నే తీసి ఫార్వర్డ్ కొడతాడు. పాడైన ఫైలే రెండోసారి వస్తుంది.

పీడీఎఫ్ ఎందుకు ఇలా మొండికేస్తుందో తెలిస్తే ఉత్తరం ఎలా రాయాలో తెలుస్తుంది. ఆ ఫైలు లోపల మొదట `%PDF-` అని, చివర `%%EOF` అని ఉంటుంది. ఏ పేజీ, ఏ అక్షరాలు ఫైలులో ఎక్కడున్నాయో చెప్పే పట్టిక మామూలుగా చివరి భాగంలోనే ఉంటుంది. తెరిచే ప్రోగ్రాం ముందు దాన్నే వెతుకుతుంది. డౌన్‌లోడ్ మధ్యలో నెట్ పోయినా, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఫైలు రాయడం పూర్తి కాకముందే గుమస్తా దాన్ని మెయిల్‌కి తగిలించినా ఆ తోక తెగిపోతుంది. బిల్లులో తొంభై పాళ్లు లోపలే ఉన్నా తెరుచుకోకపోవచ్చు. కొన్ని ప్రోగ్రాంలు పట్టికను తామే మళ్లీ కట్టుకుని తెరుస్తాయి గానీ, దాని మీద ఆధారపడలేం.

తప్పు ఎవరి వైపుందో తేల్చడం కష్టమేమీ కాదు. డౌన్‌లోడ్ చేసిన ఫైలు తీసేసి మళ్లీ దించుకోవాలి, అదే మెయిల్‌ని ఇంకో ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో తెరవాలి. ఒకచోట తెరుచుకుంటే లోపం మన దగ్గరే. రెండుచోట్లా తెరుచుకోక, రెండుచోట్లా సైజు ఒకటే చూపిస్తే ఫైలు అక్కడి నుంచే పాడై వచ్చిందనుకోవచ్చు. సైజు సున్నా ఉంటే ఇక చెప్పేదేముంది! పాస్‌వర్డ్ అడిగితే మాత్రం అది పాడవడం కాదు, తాళం. పాస్‌వర్డ్ అడిగితే సరిపోతుంది.

ఇవన్నీ చూశాక మన షాపాయన ఇలా రాస్తే పని అవుతుంది:

‘నమస్కారమండీ. జూన్ 25 తేదీ బిల్లు, నంబరు 318, మొత్తం రూ.49,560. మీరు మెయిల్‌లో పంపిన దాని పీడీఎఫ్ తెరుచుకోవడం లేదు. మళ్లీ డౌన్‌లోడ్ చేశాను, కంప్యూటర్‌లోనూ ఫోన్‌లోనూ చూశాను. రెండుచోట్లా సైజు 3 కేబీయే చూపిస్తోంది. మీ బిల్లులు ఎప్పుడూ 90 కేబీ దాకా ఉంటాయి. పాత మెయిల్ ఫార్వర్డ్ చేయకుండా, మీ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ నుంచి పీడీఎఫ్ మళ్లీ తీసి, ఒకసారి తెరిచి చూసి పంపండి. కొత్త బిల్లు వేయొద్దు, అదే నంబరు, అదే తేదీ ఉండాలి. నేను జూలై 20 లోపు రిటర్ను వేయాలి, 10వ తేదీకల్లా పంపితే మేలు. సరుకు సరిగానే అందిందండీ.’

ఇందులో ‘కొత్త బిల్లు వేయొద్దు’ అన్న మాటే అన్నిటికన్నా ముఖ్యం. గుమస్తా తొందరలో వేరే నంబరుతో ఇంకో బిల్లు కొడితే ఒకే సరుకు రెండుసార్లు అమ్మినట్టు వాళ్ల జీఎస్టీ లెక్కల్లోకి ఎక్కుతుంది. దాన్ని సరిచేయడానికి క్రెడిట్ నోట్ ఇవ్వాలి. ఒక ఫైలు తెరుచుకోనందుకు ఇద్దరు అకౌంటెంట్ల తలనొప్పి.

తేదీ ఎందుకంటే, పై బిల్లులో సరుకు విలువ రూ.42,000, దాని మీద 18 శాతం పన్ను రూ.7,560. ఆ పన్నును షాపాయన తను కట్టాల్సిన దానిలో తగ్గించుకోవచ్చు. అమ్మినవాళ్లు రిటర్ను వేస్తే మరుసటి నెల 14న వచ్చే జీఎస్‌టీఆర్-2బీలో అది కనిపిస్తుంది. అయితే అక్కడ కనిపించినంత మాత్రాన చాలదు. కొన్నవారి చేతిలో బిల్లు ఉండాలన్నది జీఎస్టీ చట్టం 16వ సెక్షన్ పెట్టిన షరతు. నెలనెలా రిటర్ను వేసేవారికి మామూలుగా 20 గడువు. కాంపోజిషన్ స్కీములో ఉన్న దుకాణాలకు ఈ తగ్గింపే ఉండదు కాబట్టి వాళ్లు తేదీ గురించి అంత కంగారు పడక్కర్లేదు.

జవాబుగా ఫైలు వచ్చాక బిల్లు నంబరు, తేదీ, మన జీఎస్టీ నంబరు, మొత్తం చూసుకోవాలి. ఫైలు పేరు చివర .exe ఉన్నా, ‘ఇది తెరవాలంటే ఈ యాప్ వేసుకోండి’ అని లింకు ఇచ్చినా ముట్టుకోవద్దు. బిల్లు మీద బ్యాంకు ఖాతా నంబరు మారినట్టు కనిపిస్తే డబ్బు పంపేముందు ఆ మెయిల్‌లోని నంబరుకు కాకుండా, మన దగ్గర ఎప్పటినుంచో ఉన్న నంబరుకు ఫోన్ చేసి అడగాలి.