ఉచితానికీ చెల్లింపుకూ మధ్య గీత

ఆఫీసు బృందాలు మాట్లాడుకునే స్లాక్ యాప్‌లో ఉచిత ప్లాన్‌కు ఒకప్పుడు 10,000 సందేశాల పరిమితి ఉండేది. ఆ సంఖ్య ఎప్పుడు నిండుతుందో ఏ బృందమూ ముందుగా చెప్పలేకపోయేది. 2022 సెప్టెంబరులో సంస్థ దాన్ని మార్చి, గత 90 రోజుల సందేశాలు కనిపిస్తాయని చెప్పింది. రోజుల లెక్క ఎవరికైనా అర్థమవుతుంది.

ధరల పేజీ తయారుచేసేవారికి అసలు పని ఇదే: కొనేవారు తమ అవసరంతో పోల్చుకోగల కొలతను ఎంచుకోవడం. పోలిక పట్టికలో ఆ కొలత మొదటి వరుసలో ఉండాలి. అన్ని ప్లాన్లలోనూ ఉండే సదుపాయాలు కిందికి వెళ్లాలి. ముప్పై వరుసలూ టిక్కు గుర్తులతో నిండితే తేడా కంటికి ఆనదు.

పై ప్లాన్‌కు మారే దారి కూడా అక్కడే కనిపించాలి. ఉదాహరణకు నెలకు 300 రూపాయల ప్లాన్‌లో ఉన్నవారు, 30 రోజుల నెలలో సగం గడిచాక 600 రూపాయల ప్లాన్‌కు మారారనుకుందాం. మిగిలిన 15 రోజులకు తేడా 150 రూపాయలే. ‘ఈరోజు చెల్లించాల్సింది 150, వచ్చే నెల నుంచి 600’ అని బటన్ పక్కనే రాయాలి. లేకపోతే ‘డబ్బు రెండుసార్లు కట్ అవుతుందా?’ అన్న ప్రశ్నలు కస్టమర్ కేర్‌కు వస్తుంటాయి. పేజీ ఏ విషయం చెప్పలేదో ఆ ప్రశ్నలే చూపిస్తాయి.