మెనిస్కస్ చిరిగితే కసరత్తా, ఆపరేషనా?

యాభై ఏళ్ల టీచరు ఒకాయన ఉన్నారనుకుందాం. కింద పడలేదు, దెబ్బ తగల్లేదు. రెండు మూడు నెలలుగా మోకాలి లోపలి పక్కన నొప్పి. మెట్లు దిగేటప్పుడు, నేల మీంచి లేచేటప్పుడు ఎక్కువ. ఎమ్మారై తీయిస్తే మీడియల్ మెనిస్కస్ చిరిగిందని రిపోర్టు వచ్చింది. చిన్న రంధ్రాలతో చేసే కీహోల్ ఆపరేషన్ చేయించుకుంటే సరిపోతుందని ఎవరో చెప్పారు. ఆయన దానికి ఒప్పుకోవాలా?

మెనిస్కస్ అంటే తొడ ఎముకకూ కాలి ఎముకకూ మధ్య నెలవంక ఆకారంలో ఉండే మెత్త. ఒక్కో మోకాలిలో రెండుంటాయి. ఒంటి బరువును ఎముకల మీద సమంగా పరచడం వాటి పని. వయసుతో పాటు అది బాగా ఉతికిన పాత పంచెలా పలచబడి, ఏ దెబ్బా లేకుండానే పీలికలవుతుంది. ఇలాంటి చిరుగు నొప్పి లేనివాళ్లలోనూ మామూలే. అమెరికాలోని ఫ్రేమింగ్‌హామ్ పట్టణంలో 50 దాటిన 991 మందికి ఎమ్మారై తీసి చూశారు. ఆ ఫలితాలు 2008లో వచ్చాయి. మెనిస్కస్ చిరిగినవాళ్లలో 61 శాతం మందికి అంతకుముందు నెల రోజుల్లో మోకాలి నొప్పి గానీ బిగుసుకోవడం గానీ లేనే లేదు. కాబట్టి స్కాన్‌లో కనిపించిన చిరుగే టీచరుగారి నొప్పికి కారణమని తేల్చేయడం తొందరపాటు.

ఆపరేషన్‌లో సాధారణంగా దీన్ని కుట్టరు. అరిగిన కణజాలం కుట్టుకు నిలవదు గనుక చిరిగిన అంచును కత్తిరించి తీసేస్తారు. దీన్ని కసరత్తుతో నేరుగా పోల్చిన పరిశోధన నార్వేలో జరిగింది, 2016లో అచ్చయింది. సగటు వయసు యాభైకి దగ్గరగా ఉన్న 140 మందిని తీసుకున్నారు. దాదాపు అందరికీ ఎక్స్‌రేలో కీళ్ల అరుగుదల స్పష్టంగా లేదు. చీటీ వేసినట్టు సగం మందికి ఆపరేషన్, సగం మందికి పన్నెండు వారాల కసరత్తు ఇచ్చారు. నొప్పినీ, ఇతర లక్షణాలనూ, ఆటలనూ, జీవన నాణ్యతనూ కలిపి వందకు మార్కులు వేసే కొలమానంలో రెండేళ్ల తర్వాత కసరత్తు చేసినవాళ్లు సగటున 25.3, ఆపరేషన్ అయినవాళ్లు 24.4 పాయింట్లు మెరుగయ్యారు. రోగికి ఆ తేడా తెలియనే తెలియదు. మూడు నెలల నాటికి తొడ కండరాల బలం మాత్రం కసరత్తు చేసినవాళ్లలోనే ఎక్కువ.

ఈ మెరుగుదలలో కొంత కాలం గడవడం వల్ల వచ్చేదే. ఫిన్లాండ్‌లో కొందరికి మెనిస్కస్ కత్తిరించారు, కొందరికి కత్తిరించినట్టు నటించి ఊరుకున్నారు. ఏడాది తర్వాత చూస్తే ఇద్దరూ ఒకేలా కోలుకున్నారు. నొప్పి తగ్గినందుకు పేరంతా కత్తెరకు ఇవ్వకూడదని అప్పుడు తేలింది. కసరత్తుకూ మొత్తం ఇవ్వలేం. అయినా కాలంతో పాటు కండరాన్నీ పెంచేది అదే కాబట్టి నా మొగ్గు అటే.

అయితే నార్వేలో చేయించింది ఒక కాగితం చేతికిచ్చి పంపే కసరత్తు కాదు. వారానికి రెండు మూడుసార్లు ఫిజియోథెరపిస్ట్ కళ్లముందు చేయించారు. కదలని సైకిల్ తొక్కి ఒళ్లు వేడెక్కించుకోవడం, ఒంటికాలి మీద నిలదొక్కుకోవడం, మెట్టు ఎక్కి దిగడం, తొడ ముందు వెనక కండరాలకు బరువులతో పని చెప్పడం ఇలాంటి కార్యక్రమంలో ఉంటాయి. బరువు పెంచడానికి తేలికైన లెక్క ఉంది. చివరి విడతలో చెప్పినదానికన్నా రెండుసార్లు ఎక్కువ చేయగలిగితే తర్వాతి రోజు బరువు పెంచాలి. కాస్త నొప్పి వచ్చినా ఫరవాలేదు. మర్నాటికి తగ్గకపోయినా, మోకాలు వాచినా వెనక్కి తగ్గి చేయాలి. చాలామంది మూడో వారంలో మార్పు లేదని మానేస్తారు, లేదా బరువు పెంచకుండా అవే కాళ్లు ఊపుతుంటారు. కండరం గట్టిపడటానికి నెలలు పడుతుంది.

అలా చేసినా అందరికీ చాలదు. నార్వేలో కసరత్తు జట్టులో 19 శాతం మంది రెండేళ్లలోపు ఆపరేషన్‌కు వెళ్లారు, దానివల్ల వాళ్లకు అదనపు లాభమేమీ కనిపించలేదు. మూడు నెలలు నిజంగా చేశాక కూడా నొప్పి అలాగే ఉంటే సర్జన్‌తో మళ్లీ మాట్లాడవచ్చు. ముందు కసరత్తు మొదలుపెట్టినంత మాత్రాన ఆ దారి మూసుకుపోదు.

కొన్ని మోకాళ్లకు మాత్రం ఈ లెక్క వర్తించదు. కాలు ఉన్నట్టుండి బిగుసుకుపోయి ఎంత ప్రయత్నించినా నిటారుగా చాపలేకపోతే వెంటనే సర్జన్‌కు చూపించాలి. ఊరికే టిక్కుమనడం, అప్పుడప్పుడు పట్టేయడం ఆ కోవలోకి రావు. ఆటలోనో బండి ప్రమాదంలోనో పడుచువాళ్లకు చిరిగితే అది వేరే కథ. ఇంకొకటి, గొంతుక్కూర్చుని లేచేటప్పుడు మోకాలి వెనక టప్‌మని శబ్దమై, ఆ క్షణం నుంచే నడవడం కష్టమైతే మెనిస్కస్ ఎముకకు అంటుకున్న మొదలే తెగి ఉండవచ్చు. నేల మీద కూర్చుని పనులు చేసుకునే నడివయసు ఆడవాళ్లలో దీన్ని మామూలు అరుగుదలగా తీసేయకూడదు. దాన్ని తిరిగి కుట్టే వీలుందేమో తొందరగా చూపించుకోవాలి.